లీడ్ వోకల్ ‘డబుల్’ చేయడాన్ని తెలుగులో ద్విత్వం అనొచ్చా?

సన్నజాజి తీగ: ఒక పాట రికార్డు చేస్తున్నాం. పల్లవి దగ్గర నా గొంతు సన్నగా ఉందని, రికార్డింగ్ చూసుకునే తమ్ముడు “అక్కా, లీడ్ డబుల్ చేద్దాం, పైన ఒక థర్డ్, కింద ఒక సిక్స్త్ పెడదాం, కోరస్ పెద్దగా వస్తుంది” అన్నాడు. పాడేశాను. ఇంటికొచ్చి అమ్మకి ఏం చేశామో తెలుగులో చెప్పబోతే మాట దొరకలేదు. థర్డ్ అంటే మూడో స్వరం అన్నాను, “అంటే గాంధారమా, పాటంతా ఒక్క గాంధారమే పట్టుకున్నావా?” అంది. డబుల్ చేయడాన్ని ద్విత్వం అనొచ్చా? థర్డ్, సిక్స్త్‌లకి మనకేమైనా మాటలున్నాయా?

కాకినాడ కాజా: కోరస్ అంటే బృందగానం కదండీ. పెద్దగా రావాలంటే ఓ పదిమందిని పిలవాలి గానీ మీరొక్కరే పాడితే కోరస్ ఎలా అవుతుంది?

సన్నజాజి తీగ: కాజా గారూ, ఇక్కడ కోరస్ అంటే పల్లవి అండి. పదిమందికి ఇచ్చేంత డబ్బుంటే ఈ తిప్పలెందుకు.

వ్యాకరణం మాస్టారు: ద్విత్వం కుదరదమ్మా. అక్క, అన్న, అమ్మ చూడు: అదే హల్లు దానికే ఒత్తుగా అతుక్కుంటుంది, మధ్యలో సందుండదు. నువ్వు చేసింది ఒక వరసని మళ్లీ మొదటినుంచి పాడటం. దానికి ఆమ్రేడితం అనే మాట ఉంది. ఔర, ఔర కలిసి ఔరౌర అయినట్టు. చిన్నయసూరి కూడా రెండుసార్లు పలికిన మాటలో రెండోదాన్నే ఆమ్రేడితం అన్నాడు, మొదటిదాన్ని కాదు.

మిక్సింగ్ బాబాయ్: మాస్టారూ, మీకు తెలియకుండానే స్టూడియోలో రోజూ జరిగే తప్పుకి పేరు పెట్టారు! కొత్తగా వచ్చిన కుర్రాళ్లు లీడ్ ట్రాక్‌ని కాపీ చేసి దాని కిందే పెట్టి డబుల్ అయిందంటారు. అది మీ ద్విత్వమే. రెండూ ఒకటే కాబట్టి 6 డెసిబెల్స్ శబ్దం పెరుగుతుంది తప్ప గొంతు వెడల్పు కాదు. ఒకటి ఎడమ స్పీకర్‌కి, ఇంకోటి కుడి స్పీకర్‌కి పంపినా గొంతు మధ్యలోనే వినిపిస్తుంది. నిజంగా రెండోసారి పాడితే ఎత్తుగడలో, శ్రుతిలో వెంట్రుకవాసి తేడాలొస్తాయి. ఆ తేడాలే గొంతుని లావు చేస్తాయి. మళ్లీ మళ్లీ పాడటం విసుగనిపించే, 1966లో అబీ రోడ్ స్టూడియోలో కెన్ టౌన్సెండ్ టేపు మెషీన్లతో ఆ తేడాని పుట్టించే పద్ధతి కనిపెట్టాడు, బీటిల్స్ కోసం. అంటే యంత్రం చేసిన ఆమ్రేడితం అన్నమాట.

జాజమ్మా, నీ డబుల్స్‌లో ‘స్త’లు, ‘చ్చ’లు ఎలా పాడావు?

సన్నజాజి తీగ: లీడ్‌లో పాడినట్టే, గట్టిగా. ఎందుకు బాబాయ్?

మిక్సింగ్ బాబాయ్: ‘చూస్తే’ దగ్గర హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. ‘చూస్-స్-స్తే’ అని పాము బుస కొట్టినట్టు వస్తుంది. మూడు గొంతులు మూడు క్షణాల్లో ‘స’ని వదిలాయి కాబట్టి. డబుల్స్‌లో అచ్చుల్ని నిండుగా పాడి, హల్లుల్ని తినేసినట్టు పాడాలి. విడిగా వింటే నత్తిలా ఉంటుంది, లీడ్‌తో కలిపితే ఎవరికీ తెలియదు. గమకం కూడా అంతే. లీడ్‌లో ఊపు, మిగతావాటిలో స్వరాన్ని తిన్నగా నిలబెట్టు. ఒకే గమకం ఒకే వేగంతో రెండుసార్లు ఎవరికీ రాదు, రెండూ కలిస్తే శ్రుతి తప్పినట్టే ఉంటుంది.

రాగమాలిక: థర్డ్‌కి మాట ఎప్పుడో ఉందండీ, సంవాది. కలిసి పలికే స్వరమే సంవాది.

తంబురా తాతయ్య: ‘కలిసి పలికేది’ అన్నంతవరకు బాగానే ఉంది నాయనా. కానీ నాట్యశాస్త్రంలో సంవాదుల మధ్య తొమ్మిదో పదమూడో శ్రుతులుండాలి. అంటే స–మ, స–ప. స–గ ఆ లెక్కలోకి రాదు, అది అనువాది. థర్డ్‌ని సంవాది అంటే రేపు నిజంగా ఫిఫ్త్ గురించి చెప్పాల్సొస్తే మాట మిగలదు.

రాగమాలిక: అనువాది అంటే మరీ అనువాదం చేసేవాడిలా ఉందండి.

తంబురా తాతయ్య: అందుకే నేను మూడో మెట్టు అంటాను. బయల్దేరిన మెట్టుతో కలిపి లెక్క, పోయిన రోజుతో కలిపి పదకొండో రోజు లెక్కపెట్టినట్టు. స నుంచి గ, రి నుంచి మ, గ నుంచి ప. అమ్మగారి గాంధారం అనుమానం కూడా తీరుతుంది: పాట కదిలినప్పుడల్లా మూడో మెట్టూ కదులుతుంది.

సన్నజాజి తీగ: తాతగారూ, మా వరస శంకరాభరణంలోనే ఉంది. ‘గ గ మ ప, ప మ గ రి’. పైన ‘ప ప ధ ని, ని ధ ప మ’ పాడాను. మొదటి సగం చివర్లో ఆ ‘ని’ దగ్గర ఎందుకో పుల్లగా ఉంది. శ్రుతి సరిగ్గానే ఉందంటున్నాడు తమ్ముడు.

మిక్సింగ్ బాబాయ్: ఆ ‘ప’ కింద వాయిస్తున్న కార్డ్ ఏంటి? స–గ–ప అయితే ‘ని’ అందులో లేదు, పైగా ‘స’ని పక్కనే నిలబడి గిల్లుతుంది. అక్కడ మూడో మెట్టు వదిలేసి పై ‘స’ పాడు. లెక్కకి నాలుగో మెట్టు అవుతుంది, చెవికి హాయిగా ఉంటుంది. మిగతా చోట్ల మూడోదే ఉంచు.

కింది గొంతుకి కొత్త వరస అక్కర్లేదు. పై వరసనే ఒక స్థాయి దింపు: మంద్రంలో ‘ప ప ధ’, ఆ తర్వాత మధ్య ‘స’. ‘గ’ నుంచి కిందికి గ, రి, స అని దిగుతూ లెక్కపెడితే మంద్ర ‘ప’ ఆరోది. మీ తమ్ముడన్న సిక్స్త్ అదే.

సన్నజాజి తీగ: అయ్యో, తమ్ముడు పై వరస మొదట సాఫ్ట్‌వేర్‌తోనే చేశాడు, నాలుగు స్వరస్థానాలు పైకి జరిపేసి. ‘గ’ దగ్గర వేరే రాగం తగిలినట్టుంటే తీసేసి నాతో పాడించాడు.

తంబురా తాతయ్య: తగలదూ మరి! స నుంచి గ నాలుగు స్థానాలే, కానీ గ నుంచి ప మూడే. నాలుగు జరిపితే శుద్ధ ధైవతం మీద పడతావు. రి నుంచి అయితే ప్రతి మధ్యమం. శంకరాభరణంలో ఆ రెండూ లేవు.

ఆల్టో అక్క: మా చర్చి క్వయర్‌లో నేను ఇరవై ఏళ్లుగా ఆల్టో పాడుతున్నా. ఇవన్నీ మేం ‘పార్ట్స్’ అంటాం, తెలుగు మాట కోసం ఎప్పుడూ వెతకలేదు. నాకో ఇబ్బంది ఉంది. పక్కన సోప్రానో గట్టిగా పాడితే నా పార్ట్ వదిలేసి దాన్లోకి జారిపోతాను. ఆవిడకి కూడా అలా అవుతుందా?

సన్నజాజి తీగ: అవుతుందక్కా! హెడ్‌ఫోన్స్‌లో లీడ్ తగ్గించి, పియానో మీద నా వరస వాయించి పెట్టమన్నాక కుదిరింది.

జమ్ములూరి కోడలు: ఇన్ని మాటలెందుకు, వంత అంటే సరిపోదా? బుర్రకథలో పక్కనున్న ఇద్దరూ చేసేది అదేగా.

వ్యాకరణం మాస్టారు: వంతలు కథకుడు ఆపాక అందుకుంటారమ్మా, ‘తందాన తాన’ అని. ఇక్కడ అంతా ఒక్కసారే పలుకుతోంది.

జమ్ములూరి కోడలు: మా ఊళ్లో ఒకడి మాటకి ఇంకొకడు అదే క్షణంలో తలూపినా వంత పాడాడనే అంటారు మాస్టారూ.

మిక్సింగ్ బాబాయ్: పేరేదైనా, జాజమ్మా, లీడ్ మధ్యలో ఒకటి, డబుల్స్ ఎడమ కుడి ఒక్కోటి, మూడో మెట్టు రెండుసార్లు పాడి అటూ ఇటూ, ఆరోది కూడా అలాగే. మొత్తం ఏడు. డబుల్స్‌ని లీడ్ కంటే ఓ 8 డెసిబెల్స్ కింద మొదలుపెట్టి, మ్యూట్ చేస్తే లోటు తెలిసేంతవరకే పెంచు. చరణంలో మాత్రం ఒక్క గొంతే ఉంచు. అక్కడా ఏడూ మోగిస్తే పల్లవికి పెరగడానికి చోటుండదు.

సన్నజాజి తీగ: రేపు వెళ్లి ఆ ‘ని’ తీసేసి ‘స’ పాడొస్తాను. ‘చూస్తే’లో బుస కూడా విన్నాను బాబాయ్, ఇప్పుడు అది తప్ప ఇంకేం వినపడట్లేదు. మాస్టారూ, డబుల్‌కి ఆమ్రేడితం ఖాయం. అమ్మ మాత్రం కోడలు గారి పక్షమే, “నీకు నువ్వే వంత పాడుకున్నావన్నమాట” అంటోంది.