‘మినిమం అమౌంట్ డ్యూ’ను తెలుగులో ఏమనాలి?

సునంద: మా నాన్నగారి క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటులో ఒక్కో వరుస పక్కన తెలుగు మాట రాసిపెడుతున్నాను. స్టేట్‌మెంట్ డేట్‌కి ‘బిల్లు తేదీ’, డ్యూ డేట్‌కి ‘గడువు తేదీ’, టోటల్ అమౌంట్ డ్యూకి ‘మొత్తం బాకీ’ అని రాశాను. మినిమం అమౌంట్ డ్యూ దగ్గర ఆగిపోయాను. ‘కనీస బాకీ’ అంటే సరిపోతుందా? కింద ‘ఫైనాన్స్ చార్జెస్’ అనే వరుస కూడా ఉంది.

వేంకటశాస్త్రి: ‘కనీస బకాయి’ అనండి, నిక్షేపంగా ఉంటుంది. ఆ మొత్తం కట్టేస్తే ఆ నెలకు లెక్క తీరినట్టే, బ్యాంకు ఇంకేమీ వేయదు. రెండోదానికి ‘ఆర్థిక రుసుములు’.

మురళీధర్: శాస్త్రిగారూ, సగమే ఒప్పుకుంటాను. కనీస మొత్తం గడువులోగా కడితే లేట్ ఫీజు పడదు, అంతవరకు నిజం. వడ్డీ మాత్రం ఆగదు. ‘కనీస బాకీ’ అని చదివినవాళ్లు మీరనుకున్నట్టే అనుకుంటారు, నా అభ్యంతరం అదే. బ్యాంకులో కార్డుల విభాగంలో పనిచేశాను కాబట్టి ఒక లెక్క చెబుతాను.

బిల్లు తేదీ ప్రతి నెలా 18 అనుకోండి. జూన్ 12న 20,000కి ఒక ఫ్రిజ్ కొన్నారు, ఇంకేమీ కొనలేదు. జూన్ 18 బిల్లులో మొత్తం బాకీ 20,000, కనీసం 5 శాతం లెక్కన 1,000, గడువు జూలై 8. ఆ రోజున 1,000 కట్టారు. నెలకు మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42 శాతం చొప్పున, కొన్న రోజు నుంచి జూలై 7 దాకా 26 రోజులకు 20,000 మీద సుమారు 598 రూపాయలు. జూలై 8 నుంచి 18 దాకా 11 రోజులకు మిగిలిన 19,000 మీద 241. ఈ 839 మీద 18 శాతం జీఎస్టీ 151. జూలై బిల్లులో మొత్తం బాకీ 19,990 అని వస్తుంది. వెయ్యి కడితే పది రూపాయలు తగ్గిందన్నమాట.

వడ్డీ గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచి మొదలైంది చూడండి. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని రోజులు ఉండవు.

అనిత: మా కార్డులోనూ ఇలాంటి గొడవే అయింది. 17న కొన్న చీర 18 బిల్లులో రాలేదు, తర్వాతి నెల బిల్లులో వచ్చింది. బ్యాంకువాళ్లు దాచిపెట్టి వడ్డీ వేద్దామనుకున్నారేమో?

మురళీధర్: అది వేరే సంగతి అనితగారూ. దుకాణంవాళ్ల లావాదేవీ బ్యాంకు ఖాతాలో పోస్ట్ కావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు, అందుకే తర్వాతి బిల్లుకి వెళ్లింది. పాత బాకీ లేకపోతే మీకు లాభమే, దాదాపు ఇంకో నెల గడువు దొరికింది.

అనిత: అయితే టెన్షన్ పడక్కర్లేదా! మావారితో అనవసరంగా పోట్లాడాను.

సునంద: మరి ఫైనాన్స్ చార్జెస్‌కి ‘రుసుము’ అనకూడదా?

మురళీధర్: రుసుము అంటే దరఖాస్తుకో రిజిస్ట్రేషన్‌కో ఒకసారి కట్టేది. ఇది రోజులు లెక్కపెట్టి వేసేది, ‘వడ్డీ’ అనే రాయండి. పక్కనే ‘మూడున్నర రూపాయల వడ్డీ’ అని రాస్తే మీ నాన్నగారికి ఇక ఏమీ విప్పి చెప్పక్కర్లేదు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడే నిద్రపోడు. లేట్ ఫీజును మాత్రం దీనితో కలపకండి, స్టేట్‌మెంటులో దాని వరుస వేరే. గడువు దాటి మూడు రోజులకు మించితేనే అది వేయాలని రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనల్లో పెట్టింది.

వేంకటశాస్త్రి: వడ్డీ సంగతి ఒప్పుకున్నాను. కానీ ‘లేట్ ఫీజు పడకుండా కట్టాల్సిన మొత్తం’ అని రాయమంటారా? అది పదం కాదండీ, వాక్యం.

సునంద: నాన్నగారి కాగితం మీద వాక్యమే రాస్తానండీ, చోటుంది. ఇంకో అనుమానం. ఆ 19,990 ఆగస్టు గడువులోగా పూర్తిగా కట్టేస్తే తర్వాతి బిల్లులో ఆ వడ్డీ వరుస ఖాళీగా ఉంటుందా?

మురళీధర్: ఉండదు. జూలై 18 తర్వాత మీరు కట్టే రోజు దాకా నడిచిన వడ్డీ ఆగస్టు బిల్లులో వస్తుంది. పూర్తిగా కట్టాక కూడా వచ్చిందేమిటని చాలామంది ఫోన్ చేసేది దాని గురించే. దానికి తెలుగులో మాట నేనెక్కడా వినలేదు.

అనిత: ‘తోక వడ్డీ’ అందామా?

వేంకటశాస్త్రి: ‘శేష వడ్డీ’ అంటే మర్యాదగా ఉంటుంది.

సునంద: అనితగారి మాట నాన్నగారికి చదివి వినిపించాను, నవ్వారు. అదే రాశాను.