రాత లెక్కల్లో తడబడే పిల్లలు: గోడ మీద పదాల పట్టికా, మెట్లవారీ పాఠమా?

తండా బడి టీచరు

మా ఐదో తరగతిలో సగానికి పైగా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. బోర్డు మీద అంకెలు వేసి ఇస్తే కూడికలు, తీసివేతలు, గుణకారాలు చకచకా చేసేస్తారు. రాత లెక్క ఇస్తే మాత్రం కంటికి కనిపించిన రెండు అంకెలు తీసుకుని ఏదో ఒకటి చేసేస్తారు. ‘మొత్తం’, ‘ఎక్కువ’ అంటే కూడాలి, ‘మిగిలిన’, ‘తక్కువ’ అంటే తీసేయాలి, ‘చొప్పున’ అంటే గుణించాలి అని పట్టిక రాసి గోడకు అంటించమని తోటి టీచర్లు చెబుతున్నారు. అంచెలంచెలుగా చదివించే పాఠం మేలని శిక్షణలో విన్నాను. పీరియడ్ చూస్తే 40 నిమిషాలే. ఏది చేయమంటారు?

రిటైర్డ్ లెక్కల మాస్టారు

పట్టిక అంటించండమ్మా, సందేహం వద్దు. సర్వీసంతా అదే చేశాను. భాష రాని పిల్లవాడికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా. వాక్యమంతా అర్థమయ్యేదాకా ఆగితే ఏడాది గడిచిపోతుంది. ‘మిగిలిన’ అన్న మాట పట్టుకుని తీసివేత చేశాడంటే సగం మార్కులైనా వస్తాయి. శిక్షణల్లో చెప్పే పద్ధతులు వినడానికి బాగుంటాయి, సిలబస్ మాత్రం కదలదు.

నల్లబల్ల

మాస్టారు గారూ, పిల్లలకు ఏదో ఒక ఆధారం కావాలన్న మాట నిజమే. కానీ ఈ లెక్క చూడండి. ‘రవి దగ్గర 24 గోలీలు ఉన్నాయి. సీత దగ్గర ఉన్నవాటి కంటే ఇవి 6 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని ఉన్నాయి?’ పట్టిక ప్రకారం ‘ఎక్కువ’ అంటే కూడిక, కాబట్టి జవాబు 30. అసలు జవాబు 18. పట్టిక బట్టీపట్టిన పిల్లవాడు ధీమాగా తప్పు చేస్తాడు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మాట దొరకగానే మిగతా వాక్యం చదవడం మానేస్తాడు. భాషలో వెనుకబడిన పిల్లవాడికి మనం నేర్పాల్సింది చదవడమే కదా, చదవకుండా తప్పించుకునే దారిని చేతికిస్తే ఎలా?

టీచరు గారూ, మీ తరగతికి సరిపోయే లెక్క ఒకటి తీసుకుని చెబుతాను. ఇలాంటివి పుస్తకాల్లో తరచూ కనిపిస్తాయి: ‘డజను 60 రూపాయల చొప్పున కొన్న 5 డజన్ల అరటిపండ్లలో 8 కుళ్ళిపోగా, మిగిలినవాటిని ఒక్కొక్కటి 7 రూపాయల చొప్పున అమ్మితే వచ్చిన లాభం ఎంత?’ ఒకే వాక్యం. కొన్నదెవరో లేదు, అమ్మినదెవరో లేదు. కొనడం, కుళ్ళడం, అమ్మడం ఒకదానిలో ఒకటి దూరిపోయి ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడే తికమకపడతాడు.

మొదట పుస్తకం తెరవకండి. అంకెలూ ప్రశ్నా లేకుండా కథ చెప్పండి. ‘వెంకన్న డజన్ల లెక్కన అరటిపండ్లు కొన్నాడు. కొన్ని కుళ్ళిపోయాయి. వాటిని పారేశాడు. మిగిలినవి ఒక్కొక్కటిగా అమ్మాడు.’ ఇంతే. ఇద్దరు పిల్లల చేత కొనడం, అమ్మడం ఆడించండి. డబ్బు ఎప్పుడు వెంకన్న చేతిలోంచి పోయింది, ఎప్పుడు చేతికి వచ్చింది అని అడగండి. కథను తిరిగి చెప్పమనండి, లంబాడీలో చెప్పినా వినండి. డజను అంటే 12 అని తెలియని పిల్లలు ఇప్పుడు చాలామందే ఉంటారు. ఆ సంగతి ఇక్కడే బయటపడాలి, లెక్క మధ్యలో కాదు.

తర్వాత బోర్డు మీద అదే కథను చిన్న వాక్యాలుగా, అంకెల చోట ఖాళీలు పెట్టి రాయండి. ప్రశ్న ఇంకా రాయొద్దు. ఇక్కడ ఏమేమి అడగవచ్చు అని పిల్లల్నే అడగండి. ఎన్ని పండ్లు అమ్మాడు, ఎంత ఖర్చయింది, లాభమా నష్టమా... ఇవన్నీ వాళ్ళ నోటి నుంచే వస్తాయి. రానివాడికి కథ ఇంకా పట్టలేదని మీకు తెలిసిపోతుంది.

ఆ తర్వాతే అంకెలు, ఒక్కొక్కటిగా. ప్రతి అంకె పక్కన అది దేని లెక్కో రాయించండి. ‘60: ఒక డజను ధర, రూపాయలు’, ‘8: కుళ్ళిన పండ్లు’. ఇప్పుడు ప్రశ్న పెట్టి, చేయడానికి ముందే జవాబు వాక్యం రాయించండి: ‘వెంకన్నకు ____ రూపాయల లాభం వచ్చింది.’ ఆ ఖాళీలో రూపాయలు రావాలి, పండ్లు కాదు అని పిల్లవాడికి ముందే తెలుస్తుంది. ఆపైన లెక్క మీ పిల్లలకు వచ్చినదే. కొన్న ఖర్చు 5 × 60 = 300. పండ్లు 5 × 12 = 60, కుళ్ళినవి పోగా 52. అమ్మకం 52 × 7 = 364. లాభం 64. చివరికి జవాబును ఖాళీలో పెట్టి వాక్యమంతా గట్టిగా చదివించండి.

ఇద్దరు పిల్లల అమ్మ

మా అబ్బాయికీ ఇదే సమస్య. తెలుగు, ఇంగ్లీషు రెండూ గడగడా చదువుతాడు, కానీ 52 × 7 దగ్గర ఆగిపోతాడు. అబాకస్‌లో చేర్పిస్తే రాత లెక్కలు వస్తాయా? లేక ఈ కథ చెప్పే పద్ధతి ఇంట్లో నేనే చేయించాలా?

నల్లబల్ల

అమ్మా, మీ అబ్బాయిది వేరే ఇబ్బంది. వాడికి కథ అర్థమవుతోంది, గుణకారం ఆగుతోంది. దానికి ఎక్కాలు, గుణకారం సాధన చేయిస్తే చాలు, ఈ మెట్లన్నీ వాడికి విసుగు పుట్టిస్తాయి.

ఎవరిది ఏ ఇబ్బందో తేల్చడానికి ఆస్ట్రేలియాలో ఆన్ న్యూమన్ అనే ఆమె 1977లో ప్రకటించిన పద్ధతి ఒకటి ఉంది. తప్పు చేసిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వరుసగా అడుగుతారు. లెక్క పైకి చదువు. ఏమి అడిగారో చెప్పు. ఎలా చేస్తావో చెప్పు. చేసి చూపించు. జవాబు రాయి. ఎక్కడ మొదట ఆగాడో అక్కడే మన పని మొదలవుతుంది. మీ అబ్బాయి నాలుగో దాని దగ్గర ఆగుతున్నాడు. టీచరు గారి పిల్లలు చాలామంది రెండో దాని దగ్గరో, మూడో దాని దగ్గరో ఆగుతుంటారని నా ఊహ. అడిగి చూస్తేగానీ తెలియదు. మొదటి దాని దగ్గరే, అంటే అక్షరాలు కూడబలుక్కునే దగ్గరే ఆగేవాళ్ళుంటే, నేను చెప్పిన పాఠం వాళ్ళకు చాలదు. మీరు చదివి వినిపిస్తే చేస్తారు, పరీక్షలో చదివి పెట్టేవారు ఉండరు. వాళ్ళకు చదువు నేర్పే పని విడిగా ఉంది.

రిటైర్డ్ లెక్కల మాస్టారు

న్యూమన్ గారి సంగతి సరే. మీ లెక్కలోనే ఒక లోపం కనిపిస్తోంది. డజను 60 రూపాయలు, మొత్తం పండ్లు కూడా 60. భాష రాని పిల్లల ముందు రెండు 60లు పెట్టి తికమక పెట్టడమెందుకు? అంకె మార్చండి. ఇంకో మాట. పట్టిక పట్టుకున్న నా పిల్లవాడు ‘కుళ్ళిపోగా మిగిలిన’ అని చూసి 60లోంచి 8 తీసేసి 52 అని సరిగ్గానే రాస్తాడు. మీ పిల్లవాడికీ అదే 52 వచ్చింది. తేడా ఏముంది?

నల్లబల్ల

తేడా అక్కడే ఉంది మాస్టారూ. మీ పిల్లవాడు ఏ 60లోంచి 8 తీశాడు? లెక్కలో కంటికి కనిపించేది ఒకే 60, అది రూపాయలు. పండ్ల 60 కాగితం మీద లేదు, 5ను 12తో గుణిస్తే వస్తుంది. కాబట్టి అతను రూపాయల్లోంచి పండ్లు తీసేశాడు. అదృష్టం కొద్దీ 52 వచ్చింది, మనం టిక్కు పెట్టాం. డజను ధర 48 అని ఉంటే అదే పిల్లవాడు 40 అని రాసేవాడు, గుట్టు బయటపడేది. అంకె పక్కన దేని లెక్కో రాయించమన్నది ఇందుకే. ‘60 రూపాయలు – 8 పండ్లు’ అని రాయాల్సి వస్తే పిల్లలే నవ్వుతారు.

మొదటి రోజు అంకె మార్చమన్న మీ సలహా మాత్రం తీసుకుంటాను. 48 పెడితే ఖర్చు 240, లాభం 124. కథ పట్టుబడ్డాక మళ్ళీ 60 పెట్టి ‘ఇది ఏ 60?’ అని అడిగితే ఎవరికి అర్థమైందో తేలిపోతుంది.

ఉట్నూరు వైపు నుంచి

మా బడిలో గోండి పిల్లలు. కథను ఇంటి భాషలో చెప్పించడం మంచిదే, పై తరగతి పిల్లను పిలిచి గోండిలో చెప్పిస్తాం. పిల్లల ముఖాలు వెలుగుతాయి. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. గోండిలో కథ బాగా చెప్పిన పిల్లే బోర్డు మీద ‘చొప్పున’ చూసి మళ్ళీ ఆగిపోతుంది. కథ వచ్చింది, ఆ కథ తెలుగు వాక్యంలో ఎక్కడుందో దొరకడం లేదు. పైగా మా బడి ఇప్పుడు ఇంగ్లీషు మీడియం, పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. పిల్లకు మూడు భాషలు. నల్లబల్ల గారూ, ఇంటి భాషలో ఎంతసేపు ఉండాలి?

నల్లబల్ల

దీనికి నా దగ్గర ఖరారైన జవాబు లేదు. నేను చేసేదిది: ఇంటి భాషలో చెప్పిన ప్రతి సంఘటనకూ బోర్డు మీద దానికి సరిపోయే తెలుగు వాక్యాన్ని పిల్లల చేతే వేలు పెట్టి చూపించమంటాను. ‘చొప్పున’ను అర్థం చెప్పి వదలకుండా, ఐదుగురు పిల్లలకు తలా మూడు చింతగింజలు పంచి ‘ఒక్కొక్కరికి 3 చొప్పున’ అని వాళ్ళ చేతే అనిపిస్తాను. చేత్తో పంచిన తర్వాత ఆ మాట నిలుస్తుంది. ఇంగ్లీషు పేజీని అదే లెక్కకు అదే రోజు తెరవను. దీన్ని ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు.

ఉట్నూరు వైపు నుంచి

నేనే ఒప్పుకోను. పరీక్ష ఇంగ్లీషులో వస్తే రేపటికి వాయిదా వేసిన పేజీ ఎప్పటికీ తెరవం. కథ తెలిసి ఉన్నప్పుడే ఇంగ్లీషు వాక్యం తేలిక, అదే రోజు పక్కపక్కన పెట్టాలి.

రిటైర్డ్ లెక్కల మాస్టారు

సరే, పీరియడంతా ఒక్క లెక్కకే పోయింది. అభ్యాసంలో పన్నెండు లెక్కలుంటాయి. పరీక్ష పేపర్లో అంకెలు దాచి ఇవ్వరు. ఈ మెట్లు ఎప్పుడు తీసేస్తారో అది చెప్పండి.

నల్లబల్ల

మంచి ప్రశ్న. చాలామంది ఇక్కడే జారిపోతారు, మెట్లు అలవాటై పిల్లలు టీచరు కథ చెప్పేదాకా పెన్సిల్ పట్టుకోరు. మొదట ఆడించడం మానేయండి. తర్వాత అంకెలు దాచడం మానేసి, పిల్లల చేతే చేత్తో మూసి చదివించండి. దేని లెక్కో రాయడం ఇంకొన్నాళ్ళు ఉంచండి. జవాబు వాక్యం మాత్రం పరీక్షలో కూడా రాయనివ్వండి, దానికి అర నిమిషం కూడా పట్టదు. పన్నెండు లెక్కల్లో రెండు మూడు పూర్తిగా చేయించి, మిగతావాటిలో కథ చెప్పి జవాబు వాక్యం రాసేదాకా వచ్చి ఆపినా చాలు, ఎందుకంటే మీ పిల్లలకు గుణకారం వచ్చు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు

చేయకుండా ఆపిన లెక్కను తనిఖీకి వచ్చినవారు నోటుబుక్కులో చూస్తే ఏమంటారో కూడా ఆలోచించండి. పట్టిక సంగతిలో నా అభిప్రాయం మారలేదు, కానీ ‘ఎక్కువ’, ‘తక్కువ’ మాటలను అందులోంచి కొట్టేయాలన్నది ఒప్పుకుంటాను.

తండా బడి టీచరు

సోమవారం 48 రూపాయల డజనుతో మొదలుపెడతాను మాస్టారూ, పట్టిక ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. మా పిల్లల్లో ఇద్దరు చదవడం దగ్గరే ఆగుతారని ఇప్పుడే తెలుస్తోంది. వాళ్ళను ఈ పాఠంలో కూర్చోబెట్టి కథ వినిపించాలా, లేక ఆ 40 నిమిషాలూ చదువుకే ఇవ్వాలా? దీని మీద ఎవరైనా చేసి చూసినవాళ్ళుంటే చెప్పండి.