పురిటి సెలవు తర్వాత వేళలు మార్చమని అడగడం: గంటలు చూపాలా, పని చూపాలా?

రాయగడ పాపతల్లి:
రాయగడలో జీఎస్టీ రిటర్నులు వేసే ఆఫీసు మాది, 14 మందిమి. పాపకి ఆరో నెల. ఒకటో తారీకున చేరాలి. పది నుంచి ఏడు దాకా కూర్చోవడం ఇప్పుడు నా వల్ల కాదు. మా దగ్గర రిటర్నులు వేయించుకునే పార్టీల్లో 28 నా చేతిలో ఉన్నాయి. "గంటలు కాదు, పని చూడండి, ఫోన్‌కి దొరుకుతాను" అని సార్‌కి రాయనా? ఎలా రాయమంటారు?

జయపురం తమ్ముడు:
బతిమాలడం దేనికక్కా? 2017లో చట్టం మార్చారు కదా, ఇంటి నుంచి పని మీ హక్కు. ఆ మాట రాసి ఇచ్చేయండి.

పర్లాకిమిడి పెద్దక్క:
తమ్ముడూ, సగమే చదివావు. ఇంటి నుంచి చేయగలిగే పనైతే, ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద యజమాని "ఇవ్వవచ్చు" అని ఉంది అందులో. ఇచ్చి తీరాలని లేదు. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు మాత్రం గట్టిగా అడగొచ్చు. పిల్లల గది 50 మంది ఉన్న చోటనే కాబట్టి మీకు రాదు.

అమ్మా, మిగిలినదంతా నీ కాగితం మీదే నిలబడాలి. ఇలాంటి ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు చేశాను, అక్కడ చూసిందే చెబుతున్నాను. "పని పూర్తి చేస్తాను" అని మాత్రం రాయకు. ఆ మాటకి హద్దు లేదు. తారీకులు రాయి. నెలనెలా వేసే పార్టీలకి జీఎస్టీఆర్-1 గడువు 11, నువ్వు 9కి వేస్తానని రాయి. జీఎస్టీఆర్-3బీ గడువు 20, 17కి లెక్క సార్ బల్ల మీద పెడతాను, 19కి వేస్తాను అని రాయి. దాని కిందే, బిల్లులు 6వ తారీకులోపు నా చేతికి రావాలని కూడా రాయి. ఈ ఒక్క వాక్యం లేకపోతే, కిరాణా షాపాయన 12న బిల్లుల సంచీ తెచ్చినా ఆలస్యం నీదే అవుతుంది. 3బీ ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, సున్నా రిటర్నుకి 20. ఆ డబ్బు ఎవరి వల్ల పడిందో చెప్పడానికి తారీకులే సాక్ష్యం.

28 అనే అంకె కూడా రాయి. కొత్త పార్టీ వస్తే మళ్ళీ మాట్లాడుకుందామని చేర్చు. నా దగ్గర పని చేసిన ఒకమ్మాయికి ఇదే తప్పిపోయింది. ఇంట్లోనే ఉంటుంది కదా అని 22 ఫైళ్ళు ఆరు నెలల్లో 35 అయ్యాయి.

ఇక ఫోన్. "ఎప్పుడైనా దొరుకుతాను" అంటే పాప నిద్రపోయే వేళే మోగుతుంది. షాపుల వాళ్ళ రిటర్ను ఓటీపీ వాళ్ళ ఫోన్‌కే వస్తుంది, కొద్ది నిమిషాలే ఉంటుంది. నువ్వు సిస్టమ్ ముందుండాలి, ఆయన ఫోన్ చేతిలో ఉండాలి, రెండూ ఒకేసారి. బేరాల వేళ ఎవరూ ఎత్తరు. అందుకే నీ వేళని వాళ్ళ తీరికతో కలుపు: మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర. 10, 11, 19, 20 తారీకుల్లో మాత్రం పగలంతా. అంతే.

కేంద్ర పాఠశాల టీచర్:
నాకైతే ఇలాంటి బాధ లేకపోయింది. 730 రోజుల పిల్లల సంరక్షణ సెలవు ఉంది కదా, అది పెట్టుకోండి. మా రెండోవాడికి నేను అదే వాడాను.

పర్లాకిమిడి పెద్దక్క:
అది మీ కేంద్ర ఉద్యోగాలకి, టీచర్ గారూ. ఈ అమ్మాయిది ప్రైవేటు ఆఫీసు. పైగా ఆమె సెలవు అడగట్లేదు, పని చేస్తానంటోంది.

బరంపురం ఆఫీసు యజమాని:
కాగితం బాగుంది. కానీ ఒకటి వదిలేశారు. సంచీతో వచ్చినాయన ఎవరికి ఇవ్వాలి? ఒడియాలో, తెలుగులో అందరితో మాట్లాడి బిల్లులు విడదీసి పెట్టే పని రిటర్నులో కనబడదు. అది పక్క సీటు కుర్రాడి మీద పడుతుంది. మా దగ్గర ఒక ఏర్పాటు ఇలాగే చెడింది. రిటర్నులన్నీ వేళకే వెళ్ళాయి, మిగతా నలుగురూ మాట్లాడటం మానేశారు.

పర్లాకిమిడి పెద్దక్క:
ఇది నిజం, నాకు తట్టలేదు. అమ్మా, 3 నుంచి 6 తారీకు దాకా రోజూ పదకొండు నుంచి రెండు వరకు సీట్లో ఉంటానని చేర్చు. సంచులు ఎక్కువగా వచ్చేది అప్పుడే. మూడు నెలలు చూద్దామని రాయి.

రాయగడ పాపతల్లి:
ఇచ్చాను. సార్ రెండుసార్లు చదివారు. తారీకులు, ఫోన్ వేళలు ఒప్పుకున్నారు. బిల్లులు 6కి అన్న వాక్యం దగ్గర పెన్ను ఆపి, "ఇది పార్టీలకి నేనే చెబుతాను" అన్నారు. కానీ జీతంలో అయిదో వంతు తగ్గిస్తామంటున్నారు.

పర్లాకిమిడి పెద్దక్క:
ఒప్పుకోకు. 28 ఫైళ్ళు 28గానే ఉన్నాయి కదా. తగ్గిస్తే ఫైళ్ళు కూడా 22కి తగ్గించమను.

బరంపురం ఆఫీసు యజమాని:
అక్కా, నేనైతే తగ్గిస్తాను. సీట్లో కూర్చోవడానికి కూడా జీతం ఇస్తాం. కాకపోతే అయిదో వంతు ఎక్కువే.

రాయగడ పాపతల్లి:
సోమవారం మళ్ళీ కూర్చుంటున్నాం. 22 మాట అడుగుతాను.