ఫ్రెండ్ నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో చేరమని వదలట్లేదు, స్నేహం చెడకుండా ఎలా ఆపాలి?

గోదారోడు:
హాస్టల్లో నాలుగేళ్ళు నా రూమ్మేట్. చాన్నాళ్ళకి ఫోన్ చేసి కాఫీకి రారా అంటే కూకట్‌పల్లి వెళ్ళా, చూస్తే పక్కన ఒక సీనియర్ గారు, టిష్యూ పేపర్ మీద సున్నాలు చుట్టి నీ కింద ఇద్దరు వాళ్ళ కింద ఇద్దరు అని గంటన్నర చెప్పారు. 18 వేల ప్యాకేజీ కొనాలట. మొహం మీద కాదనలేక "ఇప్పుడు డబ్బుల్లేవు, చూద్దాం" అన్నా. మూడు వారాల్నుంచి రోజూ ఫోన్లు, జూమ్ లింకులు. పాపం వాడూ అప్పు చేసి కట్టాడు, అందుకే గట్టిగా అనలేకపోతున్నా.

వైజాగ్ శ్రీను:
ఇవన్నీ ఇల్లీగల్ బ్రో, పోలీస్ కంప్లైంట్ ఇస్తా అను, దెబ్బకి ఆపేస్తాడు.

పద్మక్క:
శ్రీను గారూ, అన్నీ కాదండి. సరుకు అమ్మి దానిమీద కమీషన్ తీసుకునే డైరెక్ట్ సెల్లింగ్‌కి 2021లో కేంద్రం రూల్స్ పెట్టింది. మనుషుల్ని చేర్పించి ఆ డబ్బు పంచుకునేదైతే 1978 చట్టం ప్రకారం నిషేధం, అందులో చేరడం కూడా తప్పే.

తమ్ముడూ, నేను మూడేళ్ళు చేసి బయటికొచ్చా. మాతో ముందు వంద పేర్ల లిస్ట్ రాయిస్తారు, ఎవరేం అన్నారో రోజూ అప్‌లైన్‌కి, అంటే మనల్ని చేర్పించిన పైవాళ్ళకి చెప్పాలి. "డబ్బుల్లేవు" అంటే ఈఎంఐ ఉందనాలి, "టైం లేదు" అంటే రోజుకి రెండు గంటలు చాలనాలి, ప్రతిదానికీ జవాబు నేర్పిస్తారు. "చూద్దాం" అన్నవాళ్ళని మాత్రం అస్సలు వదలొద్దంటారు. అందుకే కారణం చెప్పొద్దు, కారణం చెప్తే వాళ్ళకి పని దొరికినట్టే. ఇలా పెట్టు: "ఒరేయ్, బాగా ఆలోచించుకున్నా, నేను చేరను. మొన్న చూద్దాం అనడం నా తప్పే. లిస్ట్‌లో నా పేరు కొట్టేసి వద్దన్నాడని రాసుకో. ఆదివారం ఇంటికి రా, బిర్యానీ తిందాం, బిజినెస్ మాట మాత్రం వద్దు." మళ్ళీ అడిగితే కొత్త మాట వెతక్కుండా ఇదే చెప్పు. జాలిపడి సబ్బో షాంపూనో కొన్నావంటే నీ పేరు కస్టమర్ లిస్ట్‌లో పడి ఫోన్లు మళ్ళీ మొదలవుతాయి.

సిద్దిపేట పిల్ల:
అక్కా, నేను పోయిన వారమే 12 వేలు కట్టిన, వాపస్ వస్తయా?

పద్మక్క:
అగ్రిమెంట్‌లో కూలింగ్ ఆఫ్ అని గడువు రాసి ఉంటుంది చూడమ్మా. ఆ లోపే క్యాన్సిల్ చేస్తున్నానని మెయిల్ పెట్టు, ప్యాకెట్లు విప్పకు. వాళ్ళు పలక్కపోతే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్.

గోదారోడు:
అక్కా, అలాగే పెట్టా. బ్లూ టిక్ పడింది. సాయంత్రం ఆ సీనియర్ కొత్త నంబర్ నుంచి చేస్తే "మా వాడికి చెప్పేశానండి" అని పెట్టేశా. వాడేమో రాత్రి పదింటికి "సరే, ఆదివారం వస్తా" అని మాత్రం పెట్టాడు. ఆ అప్పు సంగతి నేనే కదపాలా, వాడే చెప్పేదాకా ఆగాలా, అదే తేలట్లేదు.