ఎనిమిదేళ్ల గ్యాప్ – కవర్ నోట్‌లో ఎంతవరకు చెప్పాలి?

రాజోలు – కార్క్

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర. మా ఆయన ఉద్యోగం మీద ఈ ఏడాదే ఐర్లండ్ వచ్చాం. నేను 2011 నుంచి 2017 జూన్ వరకు భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎగుమతి ప్లాంట్ ల్యాబ్‌లో పనిచేశాను. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు చూడటమే నా పని. తర్వాత మానేశాను. ఇప్పుడు ఇక్కడ ఒక ఆహార పరీక్షల ల్యాబ్‌లో అనలిస్టు పోస్టుకి దరఖాస్తు పెడుతున్నాను. సీవీతో పాటు చిన్న నోట్ పెట్టమన్నారు. పంపేది ఇంగ్లీషులోనే గానీ, అందరూ చూసి చెబుతారని తెలుగులో పెడుతున్నాను.

"గౌరవనీయులైన మేడమ్ గారికి, దురదృష్టవశాత్తూ 2017లో మా మామగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోవడంతో, చూసుకునేవాళ్లు లేక ఉద్యోగం మానేయాల్సి వచ్చింది. తర్వాత బాబు పుట్టాడు, కరోనా వచ్చింది, అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. మామగారు పోయిన ఏడాది కాలం చేశారు. ఇంత గ్యాప్ ఉన్నా త్వరగా నేర్చుకుంటాను, కష్టపడి పనిచేస్తాను. ఒక్క అవకాశం ఇవ్వగలరని ప్రార్థిస్తున్నాను. గతంలో ఆరేళ్లు ల్యాబ్‌లో పనిచేసిన అనుభవం ఉంది."

ఎక్కువైందా అండి? పంపాలంటే టెన్షన్‌గా ఉంది.

తణుకు – డల్లాస్

ఎక్కువైందమ్మా. వాళ్లకి మీ మామగారి ఆరోగ్యంతో పని లేదు, ఒక్క లైనులో తేల్చేయండి. సీవీలో మాత్రం నెలలు తీసేసి ఉత్త సంవత్సరాలే వేయండి, గ్యాప్ కొంత సన్నబడుతుంది. ఇంట్లో రొయ్యల చెరువు ఉండే ఉంటుంది కదా, మన వైపు లేనిదెవరికి? ఆ ఎనిమిదేళ్లు "ఆక్వా కన్సల్టెంట్" అని పెట్టేయండి. గ్యాప్ అనే మాటే ఉండదు.

అమలాపురం – మెల్‌బోర్న్

స్టడీ గ్యాప్‌కి మా బావమరిది అఫిడవిట్ చేయించాడండి, నోటరీ సంతకంతో. వీసాకి దాన్నే పెట్టాడు. అమలాపురంలో చేయించుకుని స్కాన్ తెప్పించుకోండి.

రాజోలు – కార్క్

అన్నయ్యా, నేను చదువు కోసం రాలేదండి. ఉద్యోగానికే.

పాలకొల్లు – డబ్లిన్

నేను ఇక్కడ ఇలాంటి ల్యాబ్‌లోనే క్వాలిటీ చూస్తానమ్మా. అనలిస్టుల దరఖాస్తులు చదివేవాళ్లలో నేనూ ఒకదాన్ని. సలహా చెప్పేముందు మూడు విషయాలు చెప్పు. ఎల్‌సీ-ఎంఎస్ మిషన్ నువ్వే నడిపావా, శాంపిల్ తయారీ వరకేనా? మీ ఆయనది క్రిటికల్ స్కిల్స్ పర్మిటా, జనరల్ పర్మిటా? మానేశాక ఈ పనికి సంబంధించి ఏమైనా చదివావా?

రాజోలు – కార్క్

మిషన్ నడపలేదక్కా. ఎలైసా స్క్రీనింగ్ పూర్తిగా నేనే చేసేదాన్ని. ఎల్‌సీ-ఎంఎస్‌కి వెళ్లే శాంపిల్స్ తయారీ కూడా నాదే. మిషన్ దగ్గర మా సీనియర్ ఉండేవారు. ఆయనది క్రిటికల్ స్కిల్సే, నా కార్డు మీద స్టాంప్ 1జీ అని ఉంది. చదవడం అంటే, 2022లో యూరప్ వాళ్లు నైట్రోఫ్యూరాన్లనే నిషేధిత యాంటీబయాటిక్‌ల హద్దు తగ్గించారని మా పాత సీనియర్ ఫోన్‌లో చెబితే ఆ రూలు తెచ్చుకుని చదివాను. అంతే.

పాలకొల్లు – డబ్లిన్

"అంతే" అని కొట్టిపారేస్తున్నావు గానీ నీ నోట్‌కి ప్రాణం అదే.

నీ నోట్ చదివేవాళ్లకి కలిగే అనుమానాలు మూడు. ఈవిడకి ఇక్కడ పనిచేసే హక్కు ఉందా? ఆ ఇంటి బాధ్యత ఇంకా ఉందా, ముగిసిందా? ఎనిమిదేళ్లలో ఈ పనిలో మారినవి ఈవిడకి తెలుసా? నువ్వు రాసినదాంట్లో ఒక్కదానికీ సూటిగా జవాబు లేదు. మామగారు కాలం చేశారన్న మాటలో రెండోదానికి జవాబు దాగి ఉంది గానీ, అది చదివినవాళ్లు ముందు జాలిపడతారు, ఆ తర్వాత నీ పని గురించి ఆలోచిస్తారు. పైగా బాబు, అత్తగారి ఆపరేషన్ అంటూ రాస్తే, రేపు మళ్లీ సెలవు పెడుతుందేమో అన్న ఊహ నువ్వే వాళ్లకి అందించినట్టవుతుంది. ఇక్కడి ఉద్యోగ సమానత్వ చట్టంలో కుటుంబ పరిస్థితిని బట్టి వివక్ష చూపకూడదని ఉంది. పద్ధతి తెలిసిన ఇంటర్వ్యూయర్ ఆ ప్రశ్నే వేయడు. అడగని దాన్ని మనమెందుకు చెప్పాలి?

పని చేసే హక్కు సంగతి చాలామంది మర్చిపోతారు. కొత్తగా వచ్చినవాళ్ల పేరు చూడగానే పర్మిట్ మేం పెట్టాలా అని ఆలోచిస్తారు, కొందరు అక్కడే పక్కన పెట్టేస్తారు. స్టాంప్ 1జీ ఉన్న భార్యకి విడిగా పర్మిట్ అక్కర్లేదు. ఆ మాట ఒక్క వాక్యంలో ఉండి తీరాలి.

మారినవాటి విషయానికొస్తే, నువ్వు మానేసేనాటికి నైట్రోఫ్యూరాన్ అవశేషాలకి కిలోకి 1 మైక్రోగ్రాము, క్లోరాంఫెనికాల్‌కి 0.3 ప్రమాణం. 2019లో యూరప్ కొత్త రూలు తెచ్చింది. 2022 నవంబరు 28 నుంచి అవి 0.5, 0.15 అయ్యాయి. అంటే పాత పద్ధతిలో "బాగానే ఉంది" అని వదిలేసే శాంపిల్ ఇప్పుడు పట్టుబడుతుంది. ఆ సగం తేడా ల్యాబ్‌లో ఎంత పని పెంచిందో చేసినవాళ్లకే తెలుసు. గ్యాప్‌లో ఉండి కూడా దాన్ని తెలుసుకున్న మనిషి అంటే, తన పని మీద చూపు తిప్పుకోలేదనే కదా. నా మటుకు నాకు సర్టిఫికెట్ కోర్సు కన్నా అదే ఎక్కువ.

ఇంకొకటి. 2016లో యూరప్ మన దేశం నుంచి వచ్చే చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో కనీసం సగానికి సరిహద్దులో పరీక్ష తప్పనిసరి చేసింది. ఆ ఒత్తిడిలో పనిచేసిన చెయ్యి నీది. దాన్ని నోట్ చివర, అదీ "గతంలో" అంటూ రాశావు. అది మొదటి వాక్యంలోకి రావాలి.

నేనైతే ఇలా రాస్తాను:

"మీ అవశేషాల విభాగంలో అనలిస్టు పోస్టుకి దరఖాస్తు చేస్తున్నాను. 2011 నుంచి 2017 జూన్ వరకు యూరప్‌కి ఎగుమతి చేసే ఒక రొయ్యల ప్లాంట్ ల్యాబ్‌లో ఎలైసా స్క్రీనింగ్, ఎల్‌సీ-ఎంఎస్ పరీక్షకు శాంపిల్ తయారీ చేశాను. 2017 జూన్ నుంచి కుటుంబంలో ఒకరి సంరక్షణ కోసం ఉద్యోగానికి విరామం ఇచ్చాను. ఆ బాధ్యత 2024లో ముగిసింది. ఈ మధ్యకాలంలో నైట్రోఫ్యూరాన్ల హద్దు 0.5కి తగ్గిన సంగతి, దానివల్ల శాంపిల్ తయారీలో పెరిగే జాగ్రత్త తెలుసుకున్నాను. మిషన్ నడపడం మీ దగ్గర నేర్చుకోవాలి. నాకు స్టాంప్ 1జీ ఉంది, పర్మిట్ అవసరం లేదు."

గ్యాప్‌కి రెండు చిన్న వాక్యాలు. ఒకటి తెరుస్తుంది, ఒకటి మూస్తుంది. ఆ మూసే వాక్యం లేకపోతే మొదటిది ఎంత బాగా రాసినా లాభం లేదు. "దురదృష్టవశాత్తూ", "గ్యాప్ ఉన్నా", "ఒక్క అవకాశం" తీసేశాను. మిషన్ రాదని దాచలేదు, ఎందుకంటే మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

తణుకు తమ్ముడు చెప్పినదాంట్లో ఒక్క లైను అన్నది నిజం. నెలలు తీసేయమన్నది మాత్రం వద్దు. ఉద్యోగం ఖాయం చేసేముందు హెచ్ఆర్ వాళ్లు ఫారంలో నెలలతో సహా తేదీలు అడుగుతారు. సీవీలో ఒకటి, ఫారంలో ఒకటి ఉంటే గ్యాప్ కన్నా అదే పెద్ద గొడవ. సీవీలో కూడా ఆ కాలానికి ఒక లైను పెట్టు: "2017 జూన్ – 2024, కుటుంబ సంరక్షణ". ఆ తర్వాత వచ్చే నెలలు ఇల్లు మారి ఇక్కడికి రావడంలో గడిచాయి, ఎవరికైనా అర్థమవుతుంది.

నరసాపురం – లిమెరిక్

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. మరీ తగ్గించినా కష్టమే. మా ఆవిడ "వ్యక్తిగత కారణాలు" అని రాసింది. ప్రతి ఇంటర్వ్యూలో "అంటే ఏమిటి?" అని అక్కడే మొదలుపెట్టేవారు. "పిల్లల సంరక్షణ, ఇప్పుడు బడికి వెళ్తున్నారు" అని మార్చాక ఆ ప్రశ్న ఆగింది. తనది అకౌంట్స్ ఉద్యోగం, మీ ల్యాబ్ సంగతి నాకు తెలియదు.

తణుకు – డల్లాస్

తేదీల విషయం ఒప్పుకుంటానక్కా, ఐర్లండ్ పద్ధతి మీకే తెలుసు. చెరువు మాటేమిటి మరి? నిజంగా చేసి ఉంటే రాయకపోవడం అన్యాయం కదా.

రాజోలు – కార్క్

చేశానండి. సఖినేటిపల్లి దగ్గర మాకు వనామీ చెరువులు ఉన్నాయి. మామగారు పడిపోయాక రోజూ పొద్దున్నే నీళ్ల పీహెచ్, ఉప్పదనం, అమ్మోనియా చూసి పుస్తకంలో రాసింది నేనే. చెక్ ట్రే ఎత్తి మేత ఎంత మిగిలిందో, పేగు నిండుగా ఉందో లేదో చూసేదాన్ని. జీతమేమీ లేదు.

పాలకొల్లు – డబ్లిన్

కన్సల్టెంట్ అని మాత్రం రాయకు. ఎవరికి చేశావు, ఎవరిని అడగాలి అంటే చెప్పడానికి మామగారి చెరువే ఉంది. నీళ్ల పరీక్షలు, రికార్డు అని నిజాన్ని నిజంగా సీవీలో ఒక లైను పెట్టొచ్చు. నోట్‌లోకి తేవద్దు అంటాను. నోట్‌లో పెడితే చదివేవాళ్ల దృష్టి మళ్లీ ఇంటి వైపు పోతుంది.

నరసాపురం – లిమెరిక్

ఇక్కడ నేను ఒప్పుకోనండి. రొయ్య చెరువులో ఎలా పెరుగుతుందో తెలిసిన అనలిస్టు ఐర్లండ్‌లో ఎంతమంది దొరుకుతారు? నోట్‌లో ఒక వాక్యం ఉండాలి.

పాలకొల్లు – డబ్లిన్

మీ మాటలోనూ బలం ఉంది. ఆ ల్యాబ్‌కి రొయ్యలు, చేపలు ఎక్కువ వస్తే పనికొస్తుంది. పాలు, మాంసం ఎక్కువ వచ్చే చోటైతే రాదు. అమ్మాయే ఆ ల్యాబ్ ఏమేం పరీక్షిస్తుందో చూసుకుని తేల్చుకోవాలి.

ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడిగితే నోట్‌లోని ఆ రెండు వాక్యాలే చెప్పి ఆగు. నిశ్శబ్దం ఉంటే ఉండనీ, నింపడానికి మామగారి కథ మొదలుపెట్టకు. మేం నిజంగా అడిగేవి వేరు. నైట్రోఫ్యూరాన్‌కి శాంపిల్ ఎలా తీస్తావంటే, పెంకు వొలిచి కండ మాత్రమే తీసుకుంటానని, ఆ పరీక్షలో వెతికే సెమికార్బజైడ్ పెంకులో సహజంగానే ఉండొచ్చు కాబట్టి అది కలిస్తే లేని మందు ఉన్నట్టు చూపిస్తుందని చెప్పగలవా? ఆమ్లంలో రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఎందుకు ఉంచుతారో చెప్పగలవా?

రాజోలు – కార్క్

చెప్పగలనక్కా. ఆ మందు అవశేషం కండలోని ప్రొటీన్‌కి అతుక్కుని ఉంటుంది, దాన్ని విడదీసి నైట్రోబెంజాల్డిహైడ్‌తో కలపడానికి. సాయంత్రం పెట్టేసి ఇంటికెళ్లి, పొద్దున్నే వచ్చి తీసేవాళ్లం.

పాలకొల్లు – డబ్లిన్

అదే చెప్పు. రిఫరెన్స్‌కి ఎవరిని ఇస్తున్నావు?

రాజోలు – కార్క్

మా పాత సీనియర్‌ని అనుకుంటున్నానక్కా. ఆయన ఇప్పుడు వేరే ప్లాంట్‌లో ఉన్నారు.

పాలకొల్లు – డబ్లిన్

ముందు ఫోన్ చేసి అడుగు, నీ సీవీలో వేసిన తేదీలు ఆయనకి పంపు. ఎనిమిదేళ్లయింది, ఏ నెలలో మానేశావో ఆయనకి గుర్తుండదు. ల్యాబ్ వాళ్లు అడిగినప్పుడు ఆయన 2016 అంటే మళ్లీ మొదటికొస్తుంది. ఆయన ఇప్పటి ఆఫీసు ఈమెయిలే ఇవ్వు.

రాజోలు – కార్క్

సరే అక్కా, ఈ రాత్రే చేస్తాను. నోట్ మీరు రాసినట్టే పెడుతున్నాను. ఈ ల్యాబ్ వెబ్‌సైట్‌లో సముద్రపు ఆహారం అని ఉంది గానీ పాలు కూడా ఉన్నాయి. చెరువు వాక్యం ఉంచాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.