‘స్థిరస్థితి అంచనా’: ఇందులో స్థిరపడేది ఏది?

సుజాత: ఇంజనీరింగ్ పిల్లల కోసం, ఊగే సెన్సార్ రీడింగుల నుంచి అసలు విలువను అంచనా వేసే కల్మన్ ఫిల్టర్ మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ట్యాంకులో నీటి మట్టం కొలవడం అందులో ఉదాహరణ. ‘స్థిరస్థితి అంచనా’ అంటే ట్యాంకులో నీళ్లు కదలకుండా ఉన్నప్పటి సంగతేమో అని పిల్లలు అనుకుంటున్నారు. వేరే మాట ఏదైనా ఉందా?

ప్రసాద్: ఆ అనుకోవడంలో తప్పేముందండీ? మట్టం నిలకడగా ఉంటేనే కదా అంచనా కుదురుకునేది. సెన్సార్ రీడింగులు ఊగుతుంటే సగటు తీస్తాం, అంతే.

భాస్కర్: సగం నిజం ప్రసాద్ గారూ. మట్టం అసలు మారదంటే సగటే సరి. కానీ అప్పుడు వందో రీడింగుకి వందో వంతు విలువే దక్కుతుంది, పోనుపోను ఫిల్టర్ కొత్త రీడింగుల్ని పట్టించుకోవడమే మానేస్తుంది. నీళ్లు వాడుతుంటే మట్టం మారుతూనే ఉంటుంది కదా. అంచనా కూడా దానితోపాటు కదులుతుంది. స్థిరపడేది మన అనుమానం, అంటే అంచనాలో పొరపాటు ఎంత అటూఇటూగా ఉండొచ్చో చెప్పే వేరియన్స్.

ఒక లెక్క చూడండి. నిమిషానికి మట్టంలో వచ్చే అనూహ్యమైన మార్పు వేరియన్స్ Q = 1, సెన్సార్ నాయిస్ వేరియన్స్ R = 6 (రెండూ చదరపు సెం.మీ.లలో). రీడింగు రాకముందు వేరియన్స్ P అయితే, రీడింగు అందులోంచి P²/(P+R) తగ్గిస్తుంది. తర్వాతి నిమిషం Q మళ్లీ 1 కలుపుతుంది. P పెద్దదైతే తగ్గేది ఎక్కువ, చిన్నదైతే తక్కువ. P = 3 దగ్గర తగ్గేది 9/9, అంటే సరిగ్గా 1. రాకపోకలు సమానం, P అక్కడే ఆగిపోతుంది. 100తో మొదలుపెట్టినా 6.7, 4.2, 3.5, 3.2 అంటూ అక్కడికే వస్తుంది.

సుజాత: మరి గెయిన్, అంటే కొత్త రీడింగుకి ఎంత విలువ ఇవ్వాలన్నది?

భాస్కర్: K = P/(P+R) = 3/9. రీడింగుకీ మన ఊహకీ ఉన్న తేడాలో మూడో వంతు తీసుకుంటాం. ఎందుకంటే మిగిలే వేరియన్స్ (1−K)²·3 + K²·6. K సున్నా అయితే 3, ఒకటైతే 6, సగమైతే 2.25, మూడో వంతుకి 2. అంతకన్నా తగ్గదు.

రమణ: మా నాన్నగారి బీపీ మూడుసార్లు చూసి సగటు రాస్తాం. దానికీ ఇదేనా?

భాస్కర్: వెంటవెంటనే చూస్తే సగటు చాలు రమణ గారూ. రోజుల తరబడి అయితే Q కావాలి, అది నాకు తెలీదు.

ప్రసాద్: ట్యాంకుకి మాత్రం Q ఎవరు చెప్పారు?

భాస్కర్: మంచి ప్రశ్న. చాలాసార్లు ఊహించి పెట్టేదే. రీడింగుకీ ఊహకీ ఉన్న తేడాలు వరసగా ఒకే గుర్తుతో వస్తుంటే K చాలలేదు, Q పెంచాలి. ప్లస్, మైనస్ మారిమారి వస్తుంటే K ఎక్కువైంది. K కుదిరాక ఆ తేడాల వేరియన్స్ P+R, అంటే 9 దగ్గర ఉండాలి.

సుజాత: అయితే ‘స్థిర గెయిన్ అంచనా’ అంటాను.

ప్రసాద్: మోటారు ఆన్ చేస్తే నీళ్లు అల్లాడి R పెరుగుతుందిగా. అప్పుడు గెయిన్ కూడా స్థిరం కాదు!

భాస్కర్: నిజమే. మోటారు నడుస్తున్నప్పుడు ఒక K, ఆగినప్పుడు ఒక K పెట్టుకునేవాళ్లున్నారు. దానికి మాత్రం నా దగ్గర మాట లేదు.