బెరడు, ఆకు, కాయ ఫొటోలు పెట్టాను: ఇది తెల్లమద్దేనా?

పద్మజ_సర్జాపుర
బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ వెనక, కైకొండ్రహళ్లి చెరువు వైపు గోడకి ఆనుకుని ఒక పెద్ద చెట్టుంది. నాలుగో అంతస్తు దాటి పోయింది. మాను నున్నగా, బూడిద తెలుపులో ఉంటుంది. పలచటి పొరలు పెద్ద పెద్ద ముక్కలుగా ఊడిపోతాయి, ఊడినచోట కాస్త గులాబీ రంగు. ఆకు పొడుగ్గా జామాకులా ఉంది. కాయ కింద రాలి ఉంటే తీసుకొచ్చాను. మూడు ఫొటోలూ పెట్టాను. తోటమాలిని అడిగితే ‘మత్తి’ అన్నాడు. తెల్లమద్దేనా? ఇంకో సంగతి, నడుమెత్తులో ఎవరో కత్తితో రెండుచోట్ల అరచేయంత బెరడు ఒలుచుకుపోయారు. చెట్టు బతుకుతుందా? ఈలోగా అసోసియేషన్ వాళ్లు పార్కింగ్ మీదికి కొమ్మలొస్తున్నాయని మొత్తం కొట్టించేద్దామంటున్నారు.

హిందూపురం రఘు
జామే మేడమ్. మా ఇంట్లో ఉంది, బెరడు అచ్చం ఇలాగే ఊడుతుంది. పిందెలు రాలిపోతుంటే వేపపిండి వేసి చూడండి.

చెన్నూరోడు
రఘు అన్నా, నాలుగంతస్తుల జామ ఎక్కడన్నా చూసినవా? ఆకు నలిపి వాసన చూస్తే జామ సంగతి క్షణంలో తేలిపోతుంది. లేత రెమ్మ నాలుగు పలకలుగా ఉంటది. ఈ ఫొటోలో రెమ్మ గుండ్రంగానే ఉంది.

అటవీమిత్ర
ఇరవై ఏళ్లుగా చెట్లతోనే బతుకుతున్నవాణ్ని. నాకు ఆకూ కాయా అక్కర్లేదు, బెరడు చూసి చెప్పేస్తాను. తెల్లమద్ది. చర్చ ముగిసింది.

వరలక్ష్మి_కె
ఎలా ముగిసిందండీ? మూడో ఫొటో చూశారా అసలు? గట్టి చెక్కలాంటి గుండ్రటి కాయ, ఆరు చీలికలై విచ్చుకుంది. అది వరగోగు కాయ. వేసవిలో ఊదా పూలతో మా వీధి నిండా ఉంటాయి, ఇక్కడివాళ్లు హొళెదాసవాళ అంటారు. దాని మాను కూడా లేతరంగులో నున్నగానే ఉంటుంది, పెచ్చులు ఊడి మచ్చలు పడుతుంది. కాయకి మించిన సాక్ష్యం ఏముంది?

అటవీమిత్ర
అమ్మా, మీ వీధి చెట్లు చూసి మాకు పాఠం చెప్పకండి. బెరడు అబద్ధం చెప్పదు.

చెన్నూరోడు
చెప్తది సారూ, బాగానే చెప్తది. నీలగిరి నున్నగనే ఉంటది, పొరలు ఊడతది. వరగోగూ అంతే, జామా అంతే. లేత నల్లమద్ది మాను చూడండి, ముదురు చెట్టుకున్న పగుళ్లు దానికింకా రావు. ముదిరినంక అయితే ఎవరైనా చెప్తరు: నల్లగా, నిలువూ అడ్డం లోతుగా చీలి మొసలి వీపు లెక్క అయితది. ఆ వయసు రాకముందు బెరడును నమ్ముకుంటే బోల్తా పడతం.

వరలక్ష్మిగారు ఆ కాయ వరగోగుదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. అది ఈ చెట్టుదా కాదా అన్నదే ప్రశ్న. పద్మజక్కా, కాయ కొమ్మ మీద నుంచి కోసినవా, నేల మీద ఏరినవా?

పద్మజ_సర్జాపుర
మొదటే రాశానుగా, నేల మీదే. గోడకి అవతల ఖాళీ స్థలంలో ఇంకేవో చెట్లున్నాయి. పువ్వులున్నప్పుడు చూసిన గుర్తు లేదు.

కెమెరా కిట్టు
ఇదీ అసలు రోగం. కింద రాలినవన్నీ ఆ చెట్టువే అనుకుని ఫొటో పెడతారు. కాయ కొమ్మకి అంటుకుని ఉన్నప్పుడే తీయాలి, అందకపోతే జూమ్ చేసి అయినా సరే. పక్కన రూపాయి బిళ్లో స్కేలో పెట్టాలి. ఆకుకి పైన ఒకటి, అడుగున ఒకటి, ఆకు కాడ రెమ్మకి కలిసేచోట ఇంకొకటి తీయాలి. మీరు ఆకు పైభాగం ఒక్కటే పెట్టారు, అదీ ఫ్లాష్ వేసి. తెల్లగా మెరుస్తోంది, ఏం కనబడుతుంది?

బీపీ బాబాయ్
ఒలిచింది బహుశా నాలాంటివాడే అయ్యుంటాడు. మా బావగారు మద్దిచెక్క కషాయం తాగి గుండె పదిలంగా ఉందంటున్నారు. అమ్మా, ఎంత మేరకి ఒలిస్తే సరిపోతుందో చెబుతారా?

వరలక్ష్మి_కె
బాబాయ్‌గారూ, చెట్టేదో తేలకముందే కషాయమా! మీరు ఇప్పటికే రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందు మీ గుండె డాక్టర్‌ని అడగండి. ఇక్కడ అడక్కండి.

చెన్నూరోడు
పద్మజక్కా, ఆకు అడుగు చూడు. తెల్లమద్దికి ఆకు మొదట్లో, కాడ కలిసేచోట రెండు చిన్న బుడిపెలు ఉంటయి. గోరుతో తడిమితే తెలుస్తయి. కొన్ని ఆకులకు ఒక్కటే ఉంటది, అందుకే ఒక ఆకు చూసి ఊరుకోకు, నాలుగైదు చూడు. వరగోగుకు ఈ బుడిపెలు ఉండవు. అక్కడికే వరగోగు పక్కకు పోతది.

అటవీమిత్ర
బుడిపెలు బాదం చెట్టుకీ ఉంటాయి, కరక్కాయ చెట్టుకీ ఉంటాయి. అప్పుడిది బాదమా? మొదటే చెప్పానా తెల్లమద్ది అని, ఇంత రాద్ధాంతం దేనికి?

చెన్నూరోడు
జవాబు కరెక్టే, దారే కరెక్టు కాదు. బాదం, కరక, తాని, మద్దులు ఒకే కుటుంబం. బుడిపెలు కనబడితే ఆ కుటుంబం గడప తొక్కినట్టు, ఏ గది అన్నది వాటితో తేలదు. బాదం కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా అడ్డంగా పోతయి, ఆకు కొస వెడల్పు. తాని ఆకులు రెమ్మ చివర గుత్తిగా ఉంటయి, కాయ గుండ్రంగా, మెత్తటి నూగుతో ఉంటది. కరక్కాయ ఎండితే గీతలు తేలతది. వీటిలో దేని కాయకూ నిలువుగా లేచిన రెక్కలు ఉండవు. మద్ది కాయకు ఐదు రెక్కలు.

మిగిలేది తెల్లమద్దా నల్లమద్దా అనేదే. మా తాత చెన్నూరు అడవిలో దసలి పట్టుపురుగులు పెంచేటోడు, పురుగులకు రెండు మద్దుల ఆకూ వేసేది. నల్లమద్దికి బుడిపె కాడ దగ్గర కాకుండా ఆకు అడుగున నడి ఈనె మీద, మొదలుకు కొంచెం పైన పులిపిరి లెక్క లేచి ఉంటది. నాకు అది చూస్తే చాలు.

హిందూపురం రఘు
నల్లమద్ది అంటే ఆ నీళ్లొచ్చే చెట్టేగా! వీడియో చూశాను, గొడ్డలితో కొడితే కొళాయి తిప్పినట్టు ధార కట్టింది. మేడమ్, చిన్న కన్నం పెట్టి చూడండి, నీళ్లొస్తే నల్లమద్ది, రాకపోతే తెల్లమద్ది.

వరలక్ష్మి_కె
దేవుడా. ఇప్పటికే రెండుచోట్ల ఒలిచిన చెట్టుకి కన్నం కూడానా?

కెమెరా కిట్టు
ఆ వీడియో 2024 మార్చిలో పాపికొండల అడవిలోది. అక్కడ అటవీ సిబ్బంది మాను మీద బుడిపెలా ఉబ్బిన చోట చూసి కొట్టారు. ప్రతి నల్లమద్దిలోనూ నీళ్లుండవు. రాకపోతే అది ఏమీ రుజువు చేయదు, గాయం మాత్రం మిగులుతుంది.

హిందూపురం రఘు
తెలిసింది చెబితే తిడతారేంటండీ. ఇక నేను రాయను.

పద్మజ_సర్జాపుర
రఘుగారూ, కోప్పడకండి. పొద్దున సెక్యూరిటీ బాబుతో దోటీ తెప్పించి కొమ్మ వంచాం. ఐదు ఆకులు కోశాను. నాలుగింటికి కాడ కలిసేచోట రెండేసి బుడిపెలు, ఒకదానికి ఒక్కటే. నడి ఈనె మీద ఏమీ లేదు. పైన పాత కాయలు ఎండి వేలాడుతున్నాయి, రెండు దొరికాయి. ఐదు రెక్కలు, పొడవు స్కేలు మీద నాలుగు సెంటీమీటర్లు. మొదటి రోజు పెట్టిన గుండ్రటి కాయ దీనిది కాదు. గోడ అవతల చెట్టుకి అలాంటివే గుత్తులుగా కనబడుతున్నాయి. ఫొటోలు మళ్లీ పెడుతున్నాను.

వరలక్ష్మి_కె
నేను చెప్పిన వరగోగు గోడ అవతల ఉందన్నమాట. సంతోషం.

చెన్నూరోడు
బాగా తీసినవ్ అక్కా. ఇంకొక్క పని చెయ్. కాయను తొడిమ కిందికి వచ్చేటట్టు నిలబెట్టి, ఒక రెక్కను వెలుతురుకు అడ్డం పట్టు. రెక్క మీద సన్నటి గీతలు కనబడతయి. నడుమ నుంచి బయల్దేరి పైకి వంగుతూ అంచుకు పోతే తెల్లమద్ది. తిన్నగా అడ్డంగా అంచుదాకా పోతే నల్లమద్ది. నల్లమద్ది రెక్క వెడల్పు కూడా ఎక్కువే, కానీ కాయ చిన్నదీ పెద్దదీ ఉంటది కాబట్టి వెడల్పును నమ్ముకోకు. గీతల పోకడ చూడు.

పద్మజ_సర్జాపుర
కిటికీ దగ్గర పట్టి చూశాను. గీతలు పైకి వంగుతున్నాయి, రెండు కాయలకీ అంతే. ఐదు రెక్కలూ తిప్పి చూశాను.

అటవీమిత్ర
తెల్లమద్ది. మొదటి రోజే చెప్పాను.

కెమెరా కిట్టు
సార్, మీరు చెప్పినప్పుడు మీ ముందున్న కాయ వరగోగుది. దాని గురించి ఒక్క ముక్క రాయలేదు మీరు.

అటవీమిత్ర
తప్పుడు ఫొటో పెడితే అది నా బాధ్యత కాదు.

వరలక్ష్మి_కె
అసలు ప్రశ్న సగం అలాగే ఉండిపోయింది. బెరడు ఒలిచిన చెట్టు బతుకుతుందా?

చెన్నూరోడు
రెండు మచ్చలు విడివిడిగా ఉండి, చుట్టూ మిగతా బెరడు చెక్కుచెదరకుంటే బతుకుతది, అంచుల నుంచి మెల్లగా పూడుకొస్తది. మాను చుట్టూ వలయం లెక్క ఒలిస్తేనే ఆకుల్లో తయారయ్యే ఆహారం వేర్లకు దిగక చచ్చేది. మట్టి, పేడ, పెయింటు ఏమీ పూయకు. కానీ ఒలిచినోడు మళ్లీ వస్తడు, రెండు మచ్చలూ కలిసిపోతే కథ మారతది. గోడ వైపు కూడా వెళ్లి చూడు, ఫొటోలో అటు పక్క కనబడతలేదు.

పద్మజ_సర్జాపుర
అటు పక్కకి వెళ్లే దారి లేదు. అవతలి స్థలం వాళ్లని అడగాలి.

కెమెరా కిట్టు
కొట్టించే సంగతి అసోసియేషన్ ఒక్కటే తేల్చుకునేది కాదండీ. కర్ణాటకలో 1976 చెట్ల సంరక్షణ చట్టం ఉంది, ట్రీ ఆఫీసర్ అనుమతి లేకుండా నరికితే ఇబ్బంది. కొమ్మలు తగ్గించాలన్నా ముందే అడగండి. అర్జీలో చెట్టు పేరు తెల్లమద్ది అని రాసి ఫొటోలు జతచేయండి.

బీపీ బాబాయ్
తెల్లమద్దే అని తేలిందిగా, అయితే ఆ చెక్క...

వరలక్ష్మి_కె
బాబాయ్‌గారూ!

హిందూపురం రఘు
మళ్లీ రాస్తున్నాను. మా లేఅవుట్ గేటు దగ్గర మూడేళ్ల మొక్క ఉంది, నర్సరీవాడు మద్ది అని ఇచ్చాడు. మాను బూడిదరంగు, అక్కడక్కడా సన్నటి పగుళ్లు. కాయలింకా కాయలేదు. ఆకు అడుగున చూస్తే కాడ దగ్గర బుడిపెలు లేవు, నడి ఈనె మీద ఒక ఆకుకి ఉంది, మూడింటికి లేదు. ఇదేంటంటారు?

చెన్నూరోడు
ఒక ఆకుకే ఉందంటే నల్లమద్ది అని మొగ్గు చూపుతా, పందెం మాత్రం కాయను. లేత మొక్క ఆకులు చాలాసార్లు ముదురు చెట్టు ఆకుల లెక్క ఉండవు. ముదిరిన ఆకులు ఒక పది చూసి, అడుగు ఫొటోలు పెట్టు రఘన్నా.

అటవీమిత్ర
మాను ఫొటో పెట్టు, చెబుతాను.